నాయనమ్మ నేయని చీర

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను, దుకాణంలో పరుపులు వేసి ఉంచేదే అందుకు. నేను చదివింది తొమ్మిదో తరగతి దాకానే. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. ఎవరు ఏ రంగు చీర విప్పించుకుని, మళ్లీ వస్తామని చెప్పి రాకుండా పోయారో ఇప్పటికీ చెప్పగలను. (వాళ్లు ఏడాది తర్వాత వస్తే గుర్తుపట్టనట్టే నవ్వుతాను. గుర్తుపట్టినట్టు నవ్వితే పాపం ఇబ్బంది పడతారు.)

ఆ రోజుల్లో, అంటే అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు కొత్తగా తిరుగుతున్న రోజుల్లో, నాకు ఇరవై ఒక్క ఏళ్లు. అప్పుడు నా లెక్కలో లోకంలో మనుషులు రెండు రకాలు: మమ్మల్ని మోసం చేసినవాళ్లు, ఇంకా చేయనివాళ్లు. ఈ తెలివి నేను సొంతంగా సంపాదించింది కాదు, చేనేత ఇళ్లల్లో పుట్టిన ఎవరికైనా పాలతో పాటే వస్తుంది. మా ఊరికి చేతిలో పుస్తకం పట్టుకుని ఎవరైనా వస్తే వాడు కూలి తగ్గించడానికి వచ్చినవాడో, అప్పుల జాబితా రాసుకోవడానికి వచ్చినవాడో అయి ఉండాలి. ఫోన్ పట్టుకుని వస్తే ఇంకా ప్రమాదం. మగ్గం మీది చీరకు ఫోటో తీసుకుని వెళ్తాడు, నెల తిరక్కుండా అదే పువ్వు, అదే అంచు ఎక్కడో మిషన్ మీద అచ్చుపడి సంతలో కుప్పలుగా దిగుతుంది. ఇక నవ్వుతూ వచ్చి చీరను పొగిడేవాడైతే వాణ్ణి గడప దాటనివ్వకూడదు. నిజంగా కొనేవాడు చీరను తిరగేసి, వెలుతురుకు పట్టి, మొహం చిట్లించి, సణుగుతాడు. సణిగేవాణ్ణే మేం నమ్ముతాం.

మా చేనేత సహకార సంఘానికి అమీర్‌పేటలో ఒక చిన్న దుకాణం ఉంది. ఒక పక్క కంప్యూటర్ కోచింగ్ బోర్డులు, ఇంకో పక్క హాస్టళ్ల బోర్డులు, మధ్యలో మా బోర్డు ఎవరికీ కనపడకుండా నిలబడి ఉండేది. అందులో అమ్మకానికి నేను, తాళాలకు నేను, ఊడవడానికి నేను. సంఘం ప్రెసిడెంట్ నాకు వరసకు మామ అవుతాడు, ఆయనా నేసే మనిషే. వారానికోసారి మూటలతో బస్సు దిగి, దుకాణంలో అరల వంక చూసి, ఏమీ అనకుండా నిట్టూర్చి పోయేవాడు. ఆ నిట్టూర్పు అర్థం నాకు తెలుసు. ఊళ్లో సభ్యులు సగం మంది పట్నం దుకాణం మూసేద్దామంటున్నారు. మూసేస్తే నేను ఊరికి వెళ్లి మళ్లీ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టాలి. కండెలు చుట్టడం చిన్నతనమని కాదు, పదేళ్ల వయసు నుంచి చుట్టినదాన్నే. కానీ ఒకసారి అమీర్‌పేటలో సొంతంగా తాళంచెవి తిప్పిన చేతికి మళ్లీ రాట్నం పిడి పట్టుకోవాలంటే మనసు రాదు.

అలాంటి సమయంలో ప్రెసిడెంట్ మామ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, భుజాన గుడ్డ సంచి, చేతిలో లావుపాటి నోటు పుస్తకం. సోమాజిగూడలో ప్రకటనలు రాసే ఆఫీసులో చాలాకాలం చేసి, ఇప్పుడు సొంతంగా రాసుకుంటున్నాడట. మాట కోస్తా వైపుది. ఆయనకు నేను ఆ నిమిషమే కాగితాల సారు అని పేరు పెట్టాను.

"ఈ సారు మన సంఘానికి మేనిఫెస్టో రాస్తడు. జర మంచిగ మాట్లాడు, అడిగింది చెప్పు" అన్నాడు మామ.

"మేనిఫెస్టోనా? మనం ఎలక్షన్ల నిలబడుతున్నమా మామా?"

కాగితాల సారు నవ్వాడు. నవ్వాడు కాబట్టి నా అనుమానం ఒక మెట్టు ఎక్కింది. "అది పార్టీల మేనిఫెస్టో అమ్మా. ఇది బ్రాండ్ మేనిఫెస్టో. అంటే ప్రకటన కాదు, పండగ డిస్కౌంటూ కాదు. ఒక్క పేజీ. మీరెవరు, ఏం చేస్తారు, ఏం చేయరు, చీర కొన్నవాళ్లకి ఏం మాటిస్తారు, అంతే. ముందు అది తేలితే ఆ తర్వాత బోర్డు మీద ఏం రాయాలి, చీరకి కట్టే చీటీ మీద ఏం రాయాలి, నువ్వు ఫోనెత్తి ఏమనాలి, అన్నీ అందులోంచే వస్తాయి. అది లేకుండా బోర్డు పెద్దది చేసినా ఉపయోగం లేదు."

మీకు ఇది సబబుగానే వినిపిస్తూ ఉండవచ్చు. నాకు మాత్రం "ఏం మాటిస్తారు" దగ్గరే చెవులు నిక్కబొడుచుకున్నాయి. మాట ఇప్పించుకునే కాగితం అంటే సంతకం పెట్టించుకునే కాగితమే కదా. పైగా ఆయన వెళ్తూ వెళ్తూ అరలోంచి ఒక చీర తీయించి, తిరగేసి వెనకవైపు ఫోటో తీసుకున్నాడు. ముందువైపు తీసుకుంటే ముచ్చటపడ్డాడనుకోవచ్చు. వెనకవైపుతో ఎవరికి పని?

మా దుకాణం పక్కన చీరలకు ఫాల్ కుట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ను అందరూ ఫాల్ భాయ్ అనేవారు. నా అనుమానాలన్నీ మొదట ఆయన దగ్గరే ఆరబెట్టుకునేదాన్ని. మరునాడు ఆయనే మిషన్ ఆపి నన్ను పిలిచాడు.

"బేటీ, మీ సారు పొద్దుగాల ఆ సందు మూలకెల్లి మీ బోర్డు చూసుకుంట అరగంట నిలబడ్డడు. పోయేటోళ్లను ఆపి, గీ దుకాణం ఎన్నడన్న చూసిన్రా అని అడుగుతుండు. నాకైతే జర షక్ గానే ఉంది."

"మీరేమన్నరు భాయ్?"

"నన్ను సుత అడిగిండు. నేను ఏడేండ్ల సంది పక్కపొంటి ఉన్న గానీ, నాకేం ఎరుక లేదన్న. మనమెందుకు చెప్పాలె?"

(చూశారా, అనుమానం అంటే అది. అడిగింది పక్క దుకాణం గురించి అయినా సరే, ఆయన మాకోసం అబద్ధం ఆడి పెట్టాడు.)

ఆ వారం కాగితాల సారు మా ఊరికి వెళ్లాడు. మూడు రోజులు మగ్గాల పక్కన కూర్చుని అడిగిన వాళ్లనే అడిగాడట. ఊళ్లో ఏం జరిగిందో నాకు ఫోన్లో తెలుస్తూనే ఉంది. ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుందని మా చిన్నాయనను అడిగితే నలభై అన్నాడు. కూలి పెంచడానికి వచ్చిన మనిషేమోనన్న ఆశ. అదే మాట నాలుగిళ్ల అవతల అడిగితే ఆ ఇంటాయన నాలుగు రోజులన్నాడు. ఆయన కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు, నెమ్మదిగా నేస్తాడన్న పేరు పడితే పిల్లనెవరిస్తారు? రంగులు ముంచే మామను, "ఇవి పూల రంగులా?" అని అడిగితే అవునన్నాడు. "కాదంటే ఇంకో గంట కూసుంటడని అవునన్న" అని తర్వాత చెప్పాడు. ఇలా ఊరు ఊరంతా ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు చెప్పారు, ఆయన అన్నీ నోటు పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు.

ఊరి నుంచి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం ఆయన మా దుకాణం ముందు నుంచి తల తిప్పకుండా మెట్రో స్టేషన్ వైపు వెళ్తూ కనపడ్డాడు. సంచి ఖాళీగా ఉంది. ఖాళీ సంచితో వెళ్లేవాడు దేన్నో నింపుకోవడానికే వెళ్తాడు కదా అనిపించింది. ఫాల్ భాయ్‌కి తాళంచెవి ఇచ్చి, చున్నీ ముక్కు దాకా లాక్కుని వెంటపడ్డాను. ఆయన మామూలు పెట్టెలో ఎక్కాడు, నేను ఆడవాళ్ల పెట్టెలో ఎక్కాను. పంజాగుట్ట ఒక్క స్టేషనే. అంత కొద్ది ప్రయాణానికి అంత తంటాలు ఎవరూ పడి ఉండరు. రైల్లో ఒకావిడ నా వాలకం చూసి, "దుమ్ము అలర్జీనా అమ్మా?" అని జాలిపడి సీటిచ్చింది. 

పంజాగుట్టలో దిగి ఆయన నేరుగా నాలుగంతస్తుల బట్టల దుకాణంలోకి వెళ్లాడు. మా పువ్వులు అచ్చు వేయించి అమ్మేది అలాంటి దుకాణాలే అని మా వాళ్లు రోజూ తిట్టుకునే చోటు. బొమ్మలకు కట్టిన చీరల వెనక నక్కి చూశాను. కాగితాల సారు మొదటి అంతస్తులో ఒక చీర తీయించుకుంటున్నాడు. ఆ చీర నాకు తెలుసు. మా ఊరి చిలకల అంచు. మేం నేసింది కాదు, దాని నకలు. ఈ మనిషి ఫోటోలు ఇక్కడికే చేరుతున్నాయని తేలిపోయింది. పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. 

నా పక్కన ఒక పెద్దావిడ అలాంటి చీరే పట్టుకుని, "చేనేతేనా?" అని అమ్మే పిల్లను అడుగుతోంది. ఆ పిల్ల "ప్యూర్ హ్యాండ్లూమ్ మేడమ్" అంది. అంతే, నేను దాక్కున్నదాన్నన్న సంగతి మరిచిపోయాను. చెయ్యి దానంతట అదే ముందుకు పోయి చీరను తిరగేసింది. "ఇగో చూడున్రి అమ్మా, వెనక పువ్వు వెలిసిపోయి ఉంది. మేం నూలుకే రంగు వేసి తర్వాత నేస్తం, అందుకే రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉంటది. ఇది బట్ట మీద గుద్దిన అచ్చు" అని గడగడా చెప్పేశాను. పెద్దావిడ చీర కింద పెట్టింది. అమ్మే పిల్ల మేనేజర్‌ను పిలిచింది. మేనేజర్ గట్టిగా ఒక మాట కూడా అనలేదు, నా మోచేయి దగ్గర గాల్లో చెయ్యి పెట్టి మెట్ల దాకా నడిపించాడు. మెట్ల దగ్గర కాగితాల సారు నకలు చీర సంచితో నిలబడి నన్నే చూస్తున్నాడు.

"ఏంటమ్మా, నువ్వు కూడా షాపింగా?"

ఎదురుగా ఇరానీ హోటల్‌లోకి తీసుకెళ్లి టీ చెప్పాడు. నేను టీ ముట్టకుండానే అడిగేశాను. "గా చీర ఎవ్వరికి సారూ? మా ఊరి ఫోటోలు ఎవ్వరికి ఇస్తున్నరు?"

ఆయన సంచిలోంచి నకలు చీర, దాంతోపాటు మా దుకాణంలో తీసిన ఫోటో, ఇంకా ఏడెనిమిది దుకాణాల చీటీలు బల్ల మీద పరిచాడు. "ఇవన్నీ చదువు. వారసత్వం, సంప్రదాయం, కళాత్మకం, అద్భుతం. అన్నిట్లోనూ అవే మాటలు. పేరు కొట్టేసి పక్క దుకాణం పేరు పెట్టినా సరిపోతుంది. అలా సరిపోయేదాన్ని నేను మీకు రాసిస్తే అది మీది కాదమ్మా. మీ చీరా ఈ చీరా పక్కపక్కన పెట్టి నేను తేడా కనిపెట్టలేకపోయాను. నాకే తెలియకపోతే కొనేవాళ్లకి ఏం తెలుస్తుంది? ఇందాక లోపల నువ్వు ఏదో చెబుతున్నావే, అదేంటో మళ్లీ చెప్పు."

చెప్పాను. నకలు చీరలో పువ్వు అంచు గీత గీసినట్టు ఉంటుందని, మాది కొంచెం చెదిరినట్టు ఉంటుందని, నూలుకు గట్టిగా కట్టు కట్టి రంగులో ముంచినా కట్టు అంచున రంగు కాస్త పాకుతుందని, అది తప్పు కాదని, చెయ్యి పెట్టిన గుర్తని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. అంత పెద్ద మనిషి నేను చెప్పింది రాసుకోవడం జీవితంలో అదే మొదలు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ రాసుకుంటుంటే నాకు పొగరెక్కింది. "మీరు ఫోటో తీసిన చీర ఉన్నది కదా సారూ, అది మా నాయనమ్మ నేసింది" అన్నాను.

మీతో దాపరికం ఎందుకు, నన్ను దుకాణంలో పెట్టినప్పటి నుంచి నేను అలాగే అమ్మేదాన్ని. ఎరుపు చీర మా నాయనమ్మ నేసింది, నీలం చీర మా నాయనమ్మ నేసింది. ఒక్కోరోజు ఆమె తొమ్మిది చీరలు నేసేది. అలా చెబితే కొనేవాళ్ల మొహం మెత్తబడుతుంది. ఆయన మొహమూ మెత్తబడింది. కలం ఇంకా వేగంగా కదిలింది.

నెల తిరిగేసరికి రాత తయారైంది. కానీ కాగితాల సారు దాన్ని అచ్చుకు ఇవ్వలేదు. "ఇందులో ప్రతి వాక్యమూ మేము అని మొదలవుతుంది. ఆ మేము ఎవరో వాళ్లందరి ముందూ చదవాలి. వినలేకపోయిన వాక్యం తీసేయాలి" అని పట్టుబట్టాడు. దుకాణం ఉంచాలా తీయాలా అన్నదీ అప్పుడే తేల్చుకుందామని, ఒక ఆదివారం ఊరి నుంచి వ్యాన్ కట్టుకుని ముప్పై మంది సభ్యులు అమీర్‌పేట వచ్చారు. (తీర్మానం పుస్తకంలో రాయడం తర్వాత ఊళ్లోనే జరిగింది, ఇది మాట్లాడుకోవడం వరకే.) వ్యాన్‌లోంచి చిన్నాయన దిగాడు, రంగుల మామ దిగాడు. అందరికంటే చివర, సీటు కమ్మీ పట్టుకుని, మా నాయనమ్మ దిగింది. ఆమెకూ సంఘంలో వాటా ఉందని నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు.

షట్టర్ సగం దించి అందరూ పరుపుల మీద కూర్చున్నారు. ఫాల్ భాయ్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మేం మోసపోతే చూసి ఆపడానికి. ప్రెసిడెంట్ మామ, "ఒప్పుకునే మాటకు ఒప్పుకోన్రి. ఒక్క కాగితం మీద మనమంత ఒక్క మాట కాలేకపోతే దుకాణం ఇంకెందుకు, తాళం ఏసుకుందాం" అన్నాడు. కాగితాల సారు నిలబడి చదవడం మొదలుపెట్టాడు.

"మేము ఒక్కో చీరకు నలభై రోజులు ఇస్తాం."

వెనక నుంచి ఒక గొంతు, "నలభై దినాలా? ఎవ్వడాడు? నిద్రవోయిండా మగ్గం మీద?" అంది. ముప్పై తలలూ తిరిగి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చిన్నాయన తన చెప్పుల వంక చూస్తున్నాడు.

"నేను కాదు" అన్నాడు చిన్నాయన, ఎవరూ అడగకుండానే.

"మరి నీ మగ్గం పక్కన మూడు దినాలు కూసున్నడు కదనే?"

"నేను రోజులు చెప్పిన. ఏ రోజులో ఆయన అడగలే."

"మేము పూల నుంచి, బెరడు నుంచి రంగులు తీస్తాం" అని చదివాడు సారు, గొంతు కొంచెం తగ్గించి.

ఈసారి రంగుల మామ మీదికి అందరూ ఒకేసారి తిరిగారు. "నీ ఇంటి ముందల రంగు పొడి డబ్బాలు అన్ని ఉంటయి, అండ్ల పూలు ఎన్నడు ఏసినవ్ బావా?" అని ఎవరో అడిగారు. "శివరాత్రికి డబ్బాల బంతిపూలు పెట్టిన" అన్నాడు రంగుల మామ. షట్టర్ కిందనుంచి ఫాల్ భాయ్ నవ్వు వినిపించింది. నేనూ అందరితో పాటు నవ్వాను. నవ్వు మధ్యలో ఉండగానే సారు తర్వాతి వాక్యం చదివాడు.

"మేము నాయనమ్మల చేతులం. ఈ దుకాణంలో చీర అమ్మే పిల్ల, తన నాయనమ్మ నేసిన చీరను మీ చేతికిస్తుంది."

మా నాయనమ్మ చెవుడు లేని మనిషి. తల ఎత్తి, నన్ను వెతికి పట్టుకుని, నింపాదిగా అడిగింది.

"ఏమే, నేనెప్పుడు నేసిన?"



"నా పెండ్లయిన కాన్నుంచి మగ్గం గుంతల కాలు వెట్టలే. మీ తాత కూసునేటోడు. ఆయన పోయినంక మీ నాయన కూసుండు. నేను నేసిన చీర చూసినవా నువ్వు? ఏ రంగుది?"

"అన్ని రంగులయి" అన్నాను. నవ్వులు మొదలయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. ప్రెసిడెంట్ మామ మళ్లీ అదే నిట్టూర్పు విడిచాడు. ఎవరో మూలనుంచి, "గిట్ల అబద్ధాలు చెప్పి అమ్మేటట్టయితే దుకాణం బందే వెట్టున్రి" అన్నారు. అది నా గురించే. నా తాళంచెవి నా కొంగుకే ఉంది, కానీ అప్పటికే ఎవరో లాక్కున్నట్టుంది.

కాగితాల సారు కాగితం మడిచి కింద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన నాయనమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, నాకు అందరూ ఏదో ఒకటి చెప్పారు. మీరు ఒక్కరే ఏమీ చెప్పలేదు. నేసింది మీరు కాకపోతే మీరు చేసిందేంటి?"

"నన్ను ఎవ్వరన్న అడిగిన్రా?" అంది నాయనమ్మ. "ఆసు పోసిన. నలభై ఏండ్లు." 

ఆసు అంటే మీకు తెలియకపోవచ్చు. అర్ధచంద్రంలా వరసగా మేకులు కొట్టిన చట్రం. పోగును మధ్య మేకు నుంచి అవతలి మేకుకు, మళ్లీ ఇవతలికి, ఒక్కో చీరకు వేలసార్లు చేత్తో తిప్పాలి. ఆ తర్వాతే కట్టు కట్టడం, రంగు ముంచడం, కండెలు చుట్టడం. అంతా అయ్యాకే మగ్గం. నాయనమ్మ చెప్పడం ఆపి కుడి చెయ్యి ఎత్తబోయింది. భుజం దాకా లేచి అక్కడ ఆగింది. పైకి రాదు. ఇంట్లో మాకందరికీ తెలిసిన సంగతే, పై అరలో డబ్బాలు మేమే తీసిస్తాం. ఎందుకు లేవదని నేను ఎప్పుడూ అడగలేదు. 

"నేసినోని పేరు చెప్తరు. ఆసు పోసినదాని పేరు ఎవ్వరు చెప్తరు? ఈ పోరి నన్ను మగ్గం మీద కూసోవెట్టింది, ఎందుకంటే ఆసు పోసింది అంటే కొనేటోళ్లకు ఎర్కలే." 

నన్ను తిట్టిందో వెనకేసుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ చిన్నాయన మొదటిసారి తల ఎత్తాడు. "నేను చెప్పింది సుత అబద్ధమే సారూ. రాసుకోన్రి. పడుగు, అంటే నిలువు పోగులు, ఒక్క చీరకు కట్టం, ఏడెనిమిది చీరలకు కలిపి కడతం. అందుకే ఒక్క చీరకు ఎన్ని దినాలంటే లెక్క రాదు. పువ్వును బట్టి ఉంటది." రంగుల మామ, "పొడి రంగే సారూ. గానీ ఉడికిచ్చి, కడిగి, నీళ్లల్ల రంగు దిగకుంట చూసినంకనే ఇస్త. అది నిజం" అన్నాడు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి చెప్పడం మొదలుపెట్టారు. సారు ఒక పద్ధతి పెట్టాడు: ఏ వాక్యం చెప్పినా దాని పక్కన చెప్పినవాళ్ల పేరు రాస్తాడు. రేపు కొన్నవాళ్లెవరైనా అది నిజమేనా అని అడిగితే ఆ పేరుగల మనిషి జవాబు చెప్పాలి. ఎవరూ పేరివ్వని వాక్యాన్ని కొట్టేస్తాడు. "అద్భుతం" అన్న మాటకు ఎవరూ పేరివ్వలేదు. "తరతరాల తపస్సు" దగ్గర ఒకాయన, "తపస్సు చేస్తే కూలెవ్వడిస్తడు, కొట్టెయ్యి" అన్నాడు. సాయంత్రానికి మొదటి రాతలో మిగిలింది "మేము" ఒక్కటే. 

చివరికి తేలిన కాగితం ఇది. నాకు నోటికి వచ్చు:

"మేము చేనేత పనివాళ్లం. ఈ దుకాణం మాదే. మీకూ మాకూ మధ్య ఇంకెవరూ లేరు.

మగ్గం మీద కూర్చునేది ఒకరు. అంతకుముందు ఆసు పోసినవారు, కట్టు కట్టినవారు, రంగు ముంచినవారు, కండెలు చుట్టినవారు ఉన్నారు. చీటీ మీద అందరి పేర్లూ రాస్తాం.

ఒక చీరకు ఎన్ని రోజులంటే ఒక్క లెక్క చెప్పలేం. పువ్వును బట్టి పని. తొందరపెడితే చేయం.

మా రంగులు పూలవి కావు, పొడి రంగులు. నీళ్లలో దిగదని చూసుకున్నాకే నేస్తాం. అయినా మొదటిసారి విడిగా ఉతకండి.

చీరను తిరగేసి చూడండి. రెండు వైపులా ఒకే పువ్వు ఉండాలి. లేకపోతే అది మాది కాదు.

పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది. దాన్ని సరిచేయం.

నేతలో తప్పుంటే మీరు చూసేలోపు మేమే చూపిస్తాం.

తెలియనిది తెలియదని చెబుతాం."

ఆ ఆఖరి వాక్యానికి పేరిచ్చింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. సారు అడగలేదు, ఎవరూ అడగలేదు. నేనే లేచి, నా పేరు రాసుకోండి అన్నాను. ప్రెసిడెంట్ మామ చేతులెత్తమన్నాడు, దుకాణం ఇంకొక ఏడాది చూద్దామన్నవాళ్లను. నేను లెక్కపెట్టలేదు, కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి నాయనమ్మ కుడి చెయ్యి లేవదని ఎడమ చెయ్యి ఎత్తి, అది కూడా భుజం దాటించి, చుట్టూ చూస్తోంది. ఇంకా ఎవరెత్తలేదా అని. ఎత్తనివాళ్లు ఒక్కొక్కరే ఎత్తారు. 

ఏడాది అన్నది ఇన్నేళ్లయింది. కాగితం గోడకు అలాగే ఉంది, చిన్నది చీటీగా ప్రతి చీరలోనూ ఉంది. మీరు ఇప్పుడు ఏ చీర అడిగినా ఎవరి చేతులు పడ్డాయో చీటీ చదివి చెబుతాను. చీటీ చిరిగిపోయి ఉంటే తెలియదంటాను, ఊరికి ఫోన్ చేసి కనుక్కుంటాను, ఈలోగా మీకు విసుగొచ్చి వెళ్లిపోయినా వెళ్లిపోతారు. ఆ ఇరవై ఒక్క ఏళ్ల పిల్లయితే మిమ్మల్ని అలా పోనిచ్చేది కాదు. ఒక్క నిమిషంలో చీర మడిచి సంచిలో పెట్టేసేది. అప్పుడప్పుడు అమ్మకాలు లేని మధ్యాహ్నం అది గుర్తొస్తుంది. దాని మీద కోపం రావట్లేదు ఈమధ్య. లోకాన్నంతా అనుమానించిన ఆ పిల్ల, దుకాణం మూతపడుతుందన్న భయంలో, ఊళ్లో ప్రతి చీరనూ తీసుకెళ్లి తనకు బాగా నమ్మకమున్న ఒక్క మనిషి చేతిలో పెట్టింది. వేరే ఎవరూ గుర్తుకు రాలేదు పాపం దానికి.

చాలాసేపు కూర్చోబెట్టాను మిమ్మల్ని. మీరు కొన్న బట్ట చినిగేదాకా కాదు, మెత్తబడి పసిపిల్లలకు ఉయ్యాల కట్టేదాకా నిలవాలి. మీ ఇంట్లో పనిచేసే ప్రతి చేతికీ ఒక పేరు, ఆ పేరు పెట్టి పిలిచే మనిషి ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.